జూ మళ్ళా కావాలా?

పోయిన నెల మన వీధి పిల్లకాయలు ఒక అర్జీ రాసినారు. "కోయంబత్తూరులో ఉండిన జూ మూతపడింది. పీలమేడు పిల్లలకు పులినీ సింహాన్నీ చూసే భాగ్యం లేదు. మళ్ళా ఒక జూ పెట్టించండి" అని కార్పొరేషన్‌కు. కాగితం పట్టుకొని ఇంటింటికీ సంతకాలకు బయలుదేరినారు. మా గడప దగ్గరికి వచ్చేసరికి తగువు మొదలయింది. ప్లస్ టూ చదివే నా మనవరాలు పెన్ను వెనక్కి ఇచ్చేసింది.

"ప్రాణుల్ని బోనులో పెట్టి చూసేదానికి నేను సంతకం చెయ్యను తాతా" అనింది.

ఎదురింటి పిల్లవాడు ఊరుకుంటాడా? "అడవులన్నీ పోతావుంటే జూలో అయినా బతకనీ అక్కా! జూ లేకుంటే కొన్ని జాతులే ఉండవు తెలుసా?" అన్నాడు.

వాకిట్లో అరిచేదానికంటే అందరూ వినేటట్లు మాట్లాడుకోండి అంటే, అది పట్టిమండ్రం దాకా పోయింది. ఆదివారం సాయంత్రం గుడి మండపంలో చాప పరిచినారు. "జూ వల్ల మృగాలకు మేలా, కీడా?" అనేది తలకట్టు. పని లేని ముసలాయన నేనొక్కడినే కాబట్టి నన్ను నడుమ కూర్చోబెట్టినారు. ఆరోజు నేను చెప్పిన తీర్పునే ఈ నెల మీకు రాస్తావున్నాను. రానివాళ్ళు చాలామంది అడిగినారు.

ముందు మన ఊరి సంగతే చెప్పినాను. వ.ఉ.సి. పార్కు జూ 1965లో పెట్టింది. మిల్లుకు వారంలో ఒకరోజు లీవు వస్తే, బిడ్డల్ని చంకనెత్తుకొని బస్సెక్కి మనమంతా పోయినవాళ్ళమే. వేరుశనక్కాయల పొట్లం, దుప్పులు, గూడబాతులు, మొసలి. నా కొడుకు మొసలి కదలలేదని ఏడిస్తే, "దానికీ ఈరోజు వీక్లీ ఆఫ్‌రా" అని చెప్పినాను. ఆ జూకు 2022 జనవరిలో కేంద్ర జూ అథారిటీ గుర్తింపు రద్దు చేసింది. పెద్ద కారణం స్థలం. మొత్తం నాలుగున్నర ఎకరాలు. చెన్నై దగ్గర వండలూరు జూ పదునాలుగు వందల ఎకరాలకు పైన ఉంది. హైదరాబాదు నెహ్రూ జూ 380 ఎకరాలు. నడి ఊరిలో, నాలుగు పక్కలా బస్సుల హారను నడుమ ఉండే నాలుగున్నర ఎకరాలను ఎంత పెంచుదామన్నా పెరగదు.

ఇక్కడ ఒక విషయం పిల్లలకు తెలియదు, మనలో చానామందికీ తెలియదు. మన దేశంలో ఎవరంటే వాళ్ళు జూ నడిపేదానికి లేదు. వన్యప్రాణి చట్టం కింద 1992లో ఈ అథారిటీని పెట్టినారు. వాళ్ళు వచ్చి ప్రతి మృగానికీ ఎంత చోటు, ఎంత నీడ, డాక్టరు ఉన్నాడా లేదా అని చూసి గుర్తింపు ఇస్తారు. బాగలేకుంటే తీసేస్తారు. అంటే "జూ మేలా కీడా" అనే ప్రశ్నకు సర్కారు కూడా ఒకే జవాబు చెప్పలేదు. ఈ జూ సరే, ఈ జూ కాదు అని ఒక్కొక్కదాన్నీ చూసి చెప్తా ఉంది. మనమూ అట్లానే చూడాలి అని మొదలుపెట్టినాను.

కీడు పక్షంలో నా మనవరాలు చెప్పిన మాటల్లో ఒకటి నా గుండెకు తగిలింది. "బోనులో పులి అటూ ఇటూ తిరుగుతా ఉంటే మనం షోకుగా నడుస్తావుందని ఫోటో తీస్తాము. అది షోకు కాదు, జబ్బు" అనింది.

నేను ముప్పైరెండేళ్ళు రింగ్ ఫ్రేముల దగ్గర సైడరుగా ఉన్నవాణ్ణి. ఈ చివర నుంచి ఆ చివరకు, ఆ చివర నుంచి ఈ చివరకు, తెగిన నూలు అతికిస్తా షిఫ్టంతా నడిచినాను. ఆ నడక ఏమిటో నాకు తెలుసు. అయితే సంగు ఊదితే నా నడక నిలిచిపోతుంది. నేను ఇంటికి వస్తాను, గంజి తాగుతాను, బిడ్డలతో మాట్లాడతాను. చాలా ఏళ్ళ కిందట వేరే ఊరిలో, దాని పేరు ఇక్కడెందుకు, ఒక చిన్న జూలో ఎలుగుబంటిని చూసినాను. గోడ వెంబడి ఎనిమిది అడుగులు, తల ఒక తిప్పు, మళ్ళా ఎనిమిది అడుగులు. అది నడిచిన చోట సిమెంటు నున్నగా అరిగి ఉండింది. దానికి సంగు ఊదేవాళ్ళు లేరు.

ఇది జబ్బేనా, ఊరికే తిరుగుతా ఉందా అని మనలాంటివాళ్ళు కూడా కనిపెట్టవచ్చు. మేతవేళకు ముందు తలుపు దగ్గర తిరిగితే అది ఆకలి. మన ఇంటి ఆవు కూడా తిరుగుతుంది. మేత తిన్నాక కూడా అదే దారిలో, అదే చోట తల తిప్పుతా, అరగంటసేపు మారకుండా తిరిగితే అది వేరే. ఏనుగయితే నిలబడినచోటే ఒళ్ళు ఊపుతుంది. చిలక జాతి పక్షయితే తన ఈకలు తానే పీక్కుంటుంది. జూలో నిలబడి అరగంట చూసే ఓపిక ఉంటే చాలు.

అన్ని మృగాలకూ ఈ బాధ ఒకటిగా ఉండదు. 2003లో ఇద్దరు పరిశోధకులు మాంసం తినే మృగాలను జాతివారీగా పోల్చి చూసినారు. అడవిలో ఎంత ఎక్కువ దూరం తిరిగే జాతి అయితే బోనులో అంత ఎక్కువగా ఇట్లా అటూ ఇటూ తిరుగుతుంది, దాని పిల్లలు కూడా అంత ఎక్కువగా చచ్చిపోతాయి అని తేలింది. మంచు ఎలుగు అన్నిటికంటే అధ్వాన్నం. మామూలు జూలో దానికిచ్చే చోటు, అది అడవిలో తిరిగే చోటులో పది లక్షల వంతు.

ఏనుగు కథ ఇంకా బాధ. యూరప్ జూలలో ఉన్న నాలుగున్నర వేలకు పైబడిన ఏనుగుల లెక్కలు తీసి 2008లో ఒక పరిశోధన వేసినారు. మన ఆసియా ఏనుగుల్లో, జూలో పుట్టిన ఆడవాటిలో సగం 19 ఏళ్ళ లోపే పోయినాయి. వాటితో దేన్ని పోల్చినారు అనుకుంటారు? బర్మా అడవుల్లో దుంగలు లాగే ఏనుగుల్ని. పొద్దంతా పనిచేసే ఆ ఏనుగుల్లో సగం 41 ఏళ్ళు దాటినాయి. కూలి ఏనుగు, కూర్చోబెట్టి మేపిన ఏనుగుకంటే రెట్టింపు బతికింది! ఎందుకంటే దుంగలు లాగే ఏనుగుకు రాత్రయితే కట్టు విప్పి అడవిలోకి వదులుతారు. తనవాళ్ళతో కలుస్తుంది, తనకు కావలసిన ఆకు తాను తింటుంది. జూలో పిల్లను తల్లి నుంచి తొందరగా వేరుచేసినా, ఒక జూ నుంచి ఇంకో జూకు మార్చినా, ఆయుస్సు తగ్గినట్లు ఆ లెక్కల్లోనే కనిపించింది. మన దేశంలో 2009లో జూ అథారిటీయే ఏనుగుల్ని జూల నుంచి తీసి అడవి క్యాంపులకు పంపమని ఉత్తరువు వేసింది.

ఇంత చెప్పేసరికి కీడు పక్షం చప్పట్లు కొట్టింది. నేను ఆపమన్నాను.

"ఇదొక పక్క. చిన్న ప్రాణులకు లెక్క తిరగబడుతుంది" అన్నాను. 2016లో యాభైకి పైగా క్షీరద జాతుల ఆయుస్సు పోల్చి చూస్తే, పదింటిలో ఎనిమిదికి పైగా జాతులు అడవిలోకంటే జూలోనే ఎక్కువ బతికినాయి. ముఖ్యంగా చిన్నవి, తొందరగా ఈని తొందరగా చచ్చేవి. వాటికి అడవంటే పొద్దుమాపులూ ఎవరి నోట్లో పడతామోననే భయం. జూలో ఆ భయం లేదు. ఇక్కడే ఎదురింటి పిల్లవాడి వాదం నిలబడింది. వాడు హైదరాబాదు కథ చెప్పినాడు. అది నిజంగా జరిగింది, నేను ఇంకొంచెం చేర్చి చెప్తాను.

మూషిక జింక అని ఒకటి ఉంది. మన కొండల పక్క తమిళులు సరుగుమాన్ అంటారు. ఎండుటాకుల్లో తిరిగేది కాబట్టి ఆ పేరు. కుందేలుకు కొంచెం పెద్దది, మూడు కేజీల బరువు, కొమ్ములు లేవు. పగలు పొదలో దాక్కొని రాత్రి తిరుగుతుంది. తెలంగాణ నల్లమల అడవుల్లో వేటకూ కార్చిచ్చుకూ అది అరుదైపోయింది. 2010లో హైదరాబాదు నెహ్రూ జూలో, సి.సి.ఎం.బి. శాస్త్రవేత్తలూ జూ అథారిటీ వాళ్ళూ అటవీ శాఖ వాళ్ళూ కలిసి దీన్ని పెంచేదానికి పూనుకున్నారు. చేతిలో ఉండినవి ఆరే. రెండు మగవి, నాలుగు ఆడవి.

మొదట దీని సంసారం గుట్టే ఎవరికీ సరిగా తెలియదు. రాత్రిపూట కనిపెట్టి, పెంటికల్లోని హార్మోన్లు పరీక్ష చేసి చూసినారు. పెంటిక చాలు, ప్రాణిని పట్టుకొని సూదివేసి బెదరగొట్టే పని లేదు. దాంతో తెలిసిందేమంటే, ఆడది ఈనిన కొద్ది గంటల్లోనే మళ్ళా మగదానితో కలిసేదానికి సిద్ధమవుతుంది. ఆ సమయంలో మగదాన్ని దూరంగా ఉంచితే ఆ దఫా పోయినట్టే. ఇట్లాంటివి తెలుసుకొని జంటల్ని మార్చి మార్చి కలిపినారు. అన్నాచెల్లెళ్ళు కలవకుండా, ఏ పిల్ల ఎవరికి పుట్టిందో పుస్తకంలో రాసి పెట్టినారు. ఏడెనిమిదేళ్ళలో ఆరు కాస్తా రెండు వందలు దాటినాయి.

అది సగం పనే. 2017లో మొదటి గుంపును నల్లమలలోని అమ్రాబాద్ పులుల అడవికి తీసుకుపోయినారు. లారీ తలుపు తీసి "పో" అని వదలలేదు. అడవిలోనే కంచె కట్టి, కొన్నాళ్ళు లోపల ఉంచి, అడవి ఆకూ పండూ తినడం అలవాటు చేసి, గింజలు తగ్గించి, ఆ తర్వాత కంచె తీసినారు. జూలో పెరిగిన ప్రాణికి మనిషంటే భయం ఉండదు. అడవిలో భయం లేని జింక వారం బతకదు. అందుకనే ఇట్లా పెంచే చోటును జనం చూసే చోటు నుంచి వేరుగా, కనపడకుండా పెడతారు. ఇది గుర్తు పెట్టుకోండి. అడవికి తిరిగిపోవలసిన ప్రాణిని మనం టికెట్ కొని చూడము.

అప్పుడు మేలు పక్షం చప్పట్లు కొట్టింది. వాళ్ళనూ ఆపినాను.

తెల్లపులి ముందర ఎందుకు అంత గుంపు ఉంటుంది? వండలూరులోనైనా హైదరాబాదులోనైనా బిడ్డలు మొదట అడిగేది దాన్నే. దాన్ని కాపాడుతున్నాము అని మనం అనుకుంటాము. తెల్లపులి అనేది వేరే జాతి కాదు. మామూలు పులికే ఒక మరుగు లక్షణం రెండుపక్కల నుంచీ వచ్చి కలిస్తే ఆ రంగు వస్తుంది. 1951లో రేవా మహారాజు ఒక తెల్ల పులికూనను పట్టి మోహన్ అని పేరు పెట్టి పెంచినాడు. మామూలు ఆడపులితో జత కలిపితే మామూలు పిల్లలే పుట్టినాయి. అప్పుడు దాన్ని దాని కూతురితోనే కలిపినారు. 1958లో నాలుగు తెల్లపిల్లలు పుట్టినాయి. ఈనాడు జూలలో మనం చూసే తెల్లపులుల్లో చాలావరకు ఆ వంశమే. మేనరికాలు చేసుకునే మనకు ఎవరూ చెప్పనవసరం లేదు, దగ్గర రక్తం మళ్ళా మళ్ళా కలిస్తే ఏమవుతుందో. ఆ రంగుతోపాటే కంటి నరాలు తప్పుగా అల్లుకొని మెల్లకన్ను వస్తుంది. ఇంకా వేరే లోపాలూ వస్తాయి. దాన్ని ఏ అడవికీ వదలరు. అక్కడ ఎక్కువయింది పులి కాదు, టికెట్.

ఇంకొకటి కూడా ఉంది. సరిగ్గా పెంచినా, వదిలేదానికి చోటు బాగలేకుంటే ఏం చేసేది? రాబందుల్ని తీసుకోండి. మన చిన్నప్పుడు చచ్చిన పశువు మీద గుంపుగా వాలేవి. పశువులకు వేసే డైక్లోఫెనాక్ నొప్పి మందు వాటి కొంప ముంచింది. ఆ మందు వేసిన పశువు చచ్చి, దాన్ని తిన్న రాబందుకు మూత్రపిండాలు చెడిపోయి అదీ చస్తుంది. తెల్లవీపు రాబందులు నూటికి తొంభైతొమ్మిదికి పైగా పోయినాయి. హర్యానాలో పింజోరు అనే చోట పెంపక కేంద్రం పెట్టినారు, మంచి పనే. రాబందు ఏడాదికి ఒక గుడ్డు పెడుతుంది. ఎంత ఓపిక కావాలో చూడండి. అయితే బయట ఆ మందు అట్లానే ఉంటే పెంచి వదిలినవి కూడా చస్తాయి. 2006లో పశువులకు ఆ మందు నిషేధించినారు. అయినా మనుషులకని అమ్మే పెద్ద సీసాల్ని కొని పశువులకు పొడుస్తా ఉంటే, 2015లో ఒక సూదికి సరిపడే చిన్న సీసా తప్ప అమ్మకూడదని ఆపినారు. మనకు దగ్గర సత్యమంగలం, మోయారు లోయలో మిగిలిన రాబందులు ఈనాడు ఉండేది జూ వల్ల కాదు. అక్కడ అడవి ఉండి, అడవి మృగాల కళేబరాలు దొరుకుతా ఉండడం వల్ల.

ఇంతా విని నా మనవరాలు లేచి అడిగింది. "తాతా, రెండుపక్కలా మాట్లాడి తప్పించుకోవద్దు. మేలా, కీడా? ఒక మాట చెప్పు."

చెప్పినాను. మన కోయంబత్తూరులో ఉండిన మాదిరి జూ, నడి ఊరిలో నాలుగున్నర ఎకరాల జూ, మళ్ళా వస్తే కీడే. దాన్ని మూసింది సరే. అక్కడి చుక్కల దుప్పుల్ని సిరువాణి కొండల కింద అడవిలో వదిలినారని విన్నప్పుడు, చిన్నప్పుడు వాటికి వేరుశనక్కాయ వేసిన చేతులు మనవి, మనం సంతోషపడాలి. ఏనుగూ, ఎలుగూ, దూరం తిరిగే పెద్దమృగమూ చిన్నచోట ఉంటే, ఎంత బాగా మేపినా కీడే. చిన్న ప్రాణిని, తగ్గిపోతున్న ప్రాణిని, పుస్తకం పెట్టి పెంచి, తిరిగి అడవికి పంపే జూ మేలు. అది మేలు అని చెప్పేదానికి ఒకటే సాక్ష్యం. ఎన్ని పుట్టినాయి అనేది కాదు, ఎన్ని వెనక్కి పోయి బతికినాయి అనేది.

"అట్లయితే పీలమేడు పిల్లలు పులిని ఎక్కడ చూడాలి తాతా?" అని ఎదురింటివాడు అడిగినాడు. వాడి అడగడంలో న్యాయం ఉంది. ఉన్నోళ్ళ పిల్లలు కారేసుకొని టాప్‌స్లిప్ పోతారు, ముదుమలై పోతారు. మన పిల్లలకు వ.ఉ.సి. పార్కే టాప్‌స్లిప్. ఆ ఒక్కటీ తీసేసి "ప్రాణులకు మేలు జరిగింది, నువ్వు ఇంట్లో కూర్చో" అంటే ఎట్లా? మూడు షిఫ్టులు చేసే మిల్లు కూలి బిడ్డకు అడవి చూపించేది ఎవరు? దీనికి నా దగ్గర ఉండిన జవాబు ఇది: పులిని మన దగ్గరికి తెమ్మని అడిగేదానికంటే, మన పిల్లల్ని అడవి దగ్గరికి తీసుకుపొమ్మని అడగడం మేలు. ఆనైమలై మన జిల్లాలోనే ఉంది. వాల్పారైలో సింహపు తోక కోతులు రోడ్డు పక్క చెట్ల మీదనే ఆడుతా ఉంటాయి. లోకంలో పడమటి కనుమల్లో తప్ప ఇంకెక్కడా లేని కోతి అది. దాన్ని చూసేదానికి బోను వద్దు, బస్సు కావాలి.

పట్టిమండ్రం అయినాక పిల్లకాయలు అక్కడే కూర్చొని అర్జీ తిరగరాసినారు. నా మనవరాలే రాసింది, ఎదురింటివాడు చెప్పినాడు. "మళ్ళా జూ పెట్టించండి" అనేది కొట్టేసినారు. దాని బదులు, కూలివాళ్ళ పిల్లలు చదివే బడులకు ఏడాదికొకసారి ఆనైమలైకి సర్కారు బస్సు, చూపించి చెప్పేదానికి అటవీ శాఖ మనిషి ఒకరు అని అడిగినారు. కింద ఇంకొక వరుస చేర్చినారు: జిల్లాలో ఎప్పుడైనా కొత్త జూ పెట్టేటట్లయితే, ఊరి బయట పెద్ద చోటులో పెట్టండి, ఏనుగూ తెల్లపులీ వద్దు, మన కొండల చిన్న ప్రాణుల్ని పెంచి కొండకే వదలండి.

కాగితం మా ఇంట్లో ఉంది. ఈసారి మొదటి సంతకం నా మనవరాలిది, రెండోది నాది. మీ వీధిలోకి వచ్చినప్పుడు చదివి, సరి అనిపిస్తేనే పెట్టండి. సరికాదు అనిపిస్తే ఎందుకో నాకు రాయండి, వచ్చే నెల దాన్నే వేస్తాను.